ఎరుపు వేరు, ఘాటు వేరు: తొమ్మిది నిమిషాల వాయిస్ నోట్ నుంచి ఒక నిమిషం స్క్రిప్టు

గుంటూరులోని పిన్నిగారికి విజయవాడ నుంచి నమస్కారాలు.

మీ అబ్బాయి ద్వారా మీరు పంపిన తొమ్మిది నిమిషాల వాయిస్ నోట్ పూర్తిగా విని, మీ కారం మిల్లు తరఫున పెట్టదలచిన మొదటి రీల్‌కు ఒక నిమిషం స్క్రిప్టు రాసి ఈ ఉత్తరంలోనే పంపుతున్నాను. చదవగానే "నేను చెప్పినదాంట్లో ముప్పాతిక వంతు ఇందులో లేదే" అని మీకు అనిపించడం ఖాయం కనుక, ఏది ఉంచానో, మిగిలినది ఎందుకు తీసేశానో ముందే చెప్పడం మర్యాద.

మీ మాటలు ఈ ఏటి ఎండలతో మొదలై, మిర్చి యార్డు వేసవి సెలవుల మీదుగా కోల్డ్ స్టోరేజీలకు, అక్కడి నుంచి మిర్చి టిక్కీ బస్తాల ధరకు, కల్లంలో పరదా మీద ఆరిన కాయకూ నేల మీద ఆరిన కాయకూ ఉండే తేడాకు, మీ అత్తగారి నాటి రోకళ్లకు, రంగు కలిపే వ్యాపారులకు, చివరికి ఆవకాయ పాళ్లకు వెళ్లాయి. నాలుగో నిమిషం దగ్గర మాత్రం, హైదరాబాదు నుంచి ఫోన్ చేసిన ఒకావిడ సంగతి చెబుతున్నప్పుడు మీ గొంతు మారింది. "మీ కారం ఎర్రగా లేదండీ, ఘాటుండదేమో అంటది. ఎరుపు చూసి ఘాటెట్టా చెప్తారమ్మా? అది వేరు, ఇది వేరు" అన్నారు. తొమ్మిది నిమిషాల్లో మీరు ఎవరికో సమాధానం చెబుతున్నట్టు మాట్లాడినది అక్కడొక్కచోటే. చూసేవారిలో చాలామంది ఆవిడలాగే అనుకుంటారు, అది సరికాదని కెమెరా ముందు రెండు పళ్లాలతో చూపించవచ్చు. స్క్రిప్టుకు ఇంతకన్నా అక్కర్లేదు.

మీ మాట శాస్త్రానికి కూడా నిలుస్తుంది. మిరపకాయకు ఎరుపునిచ్చే ముఖ్యమైన వర్ణద్రవ్యం క్యాప్సాంథిన్, అది పైతోలులో ఉంటుంది. ఘాటునిచ్చేది క్యాప్సైసిన్, అది గింజలు అంటిపెట్టుకుని ఉండే తెల్లటి భాగంలో తయారవుతుంది. రెండూ వేర్వేరు పదార్థాలు కనుక ఒకటి ఎక్కువైనంత మాత్రాన రెండోది ఎక్కువ కావలసిన పని లేదు. కర్ణాటకలోని బ్యాడగి పేరుతో వచ్చిన కాయ ముదురు ఎరుపుతో తక్కువ ఘాటుగా ఉండటానికీ, మన తేజ కాయ మండిపోవడానికీ కారణం ఇదే. ఈ పేర్లలో క్యాప్సాంథిన్‌ను గానీ క్యాప్సైసిన్‌ను గానీ స్క్రిప్టులోకి రానివ్వలేదు. కాయను చీల్చి వేలితో చూపించిన తరువాత వాటి అవసరం ఉండదు.

ఇక తీసేసినవి. ధరల ప్రస్తావన మొదట పోయింది, ఎందుకంటే ఈ వీడియోను ఆరు నెలల తరువాత చూసినవారికి ఈ వారం ధర పాతబడిన వార్త. గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు ఉన్నదని మీరు గర్వంగా చెప్పిన మాట నిజమే అయినా, మూడో రకం కాయ తెరమీదికి వస్తే రెండు పళ్లాల మధ్య ఉన్న పోలిక చెదిరిపోతుంది. అత్తగారి రోకళ్ల కథ నాకు చాలా నచ్చింది, తీయడానికి చేయి రాలేదు. కానీ ఆ కథ విన్నవారు దంచిన కారానికీ మరలో పట్టించిన కారానికీ తేడా ఏమిటని అడుగుతారు, అది మరో ప్రశ్న. నేల మీద ఆరబెట్టిన కాయకు బూజు పట్టి ఆరోగ్యానికి చేటు చేసే విషం చేరే ప్రమాదం గురించి మీరు చెప్పినది ఇంకో పూర్తి వీడియోకు సరిపడే విషయం, దాన్ని ఇక్కడ అర వాక్యంలో ఇరికించడం అన్యాయం.

రంగు కలిపే వ్యాపారుల భాగాన్ని మాత్రం నిడివి కోసం తీయలేదు. గ్లాసు నీళ్లలో కారం వేసి చూస్తే కల్తీ బయటపడుతుందని మీరన్నారు. నీటిలో కరిగే రంగులైతే చారలుగా దిగి కొంతవరకు తెలుస్తాయి కానీ, కారంలో కలుపుతారని పేరుపడిన సుడాన్ రంగులు నూనెలో కరిగేవే తప్ప నీటిలో కరిగేవి కావు. 2005లో బ్రిటన్‌లో వందలాది ఆహార పదార్థాలను అంగళ్ల నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చినది కూడా కారప్పొడి ద్వారా చేరిన సుడాన్ రంగు వల్లనే. గ్లాసు నీళ్ల పరీక్షను మీ పేరుతో చెబితే, తేలని కల్తీకి మీరు హామీ ఇచ్చినట్టవుతుంది. పైగా ఇతరులను నిందించడంతో మొదలైన వీడియోలో మీ కారం గురించి వినే ఓపిక ఎవరికీ మిగలదు.

ఆవకాయ పాళ్లలో నుంచి ఒక్క వాక్యం నిలిచింది, అది కూడా అసలు విషయాన్ని కొనేవారి వంటింటి దాకా తీసుకువెళుతుంది కాబట్టి.

స్క్రిప్టు ఇది.

(రెండు స్టీలు పళ్లాలు. ఒకదానిలో ముడతలు పడిన ముదురు ఎరుపు బ్యాడగి కాయలు, రెండోదానిలో సన్నని తేజ కాయలు. మీ చేతులు మాత్రమే కనిపించాలి.)

ఈ రెండింటిలో ఏది ఎక్కువ కారంగా ఉంటుందో చూసి చెప్పండి.

(కాసేపు మౌనం.)

చాలామంది ఈ ఎర్రటి కాయనే చూపిస్తారు. ఇది బ్యాడగి. రంగులో దీనికి సాటి లేదు, కానీ ఘాటు తక్కువ. ఇది తేజ. ఎరుపు దానంత లేదు, కానీ కొంచెం నాలుక మీద పెట్టుకుంటే కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

(తేజ కాయను నిలువునా చీల్చాలి.)

ఎరుపు ఉండేది ఈ పైతోలులో. ఘాటు పుట్టేది లోపల గింజలను పట్టుకుని ఉన్న ఈ తెల్లటి భాగంలో. గింజలకు అంటిన ఘాటు కూడా దీని నుంచి వచ్చినదే. అందుకే తోలు ఎంత ఎర్రగా ఉన్నా, లోపల ఎంత ఘాటు ఉందో పైనుంచి తెలియదు.

(తెల్ల కాగితం మీద పక్కపక్కనే రెండు కారాలు.)

కారం కొనేటప్పుడు ఎంత ఎర్రగా ఉందని చూడకండి, ఏ కాయతో పట్టించారని అడగండి. ఆవకాయకు ఎరుపూ కావాలి, ఘాటూ కావాలి. అందుకే మేము రెండు కాయలూ కలిపి పట్టిస్తాం.

ఇంతే. మీ మిల్లు పేరు చివర తెరమీద కనబడితే చాలు, మళ్లీ నోటితో చెప్పనక్కర్లేదు.

చిత్రీకరణకు సంబంధించి రెండు మాటలు. ఎండుకాయలో ఆ తెల్లటి భాగం ముడుచుకుని లేత పసుపు పొరలా కనిపిస్తుంది కనుక, చీల్చే ముక్కకు తేజ పండుమిరప దొరికితే మేలు. రెండు కారాలను ట్యూబ్‌లైటు కింద కాకుండా పగటి వెలుతురులో తీయించండి, లేకపోతే రంగులోని తేడా కనిపించదు. ఫోను పట్టుకునే అబ్బాయిని కాయలు ముట్టుకోనివ్వకండి, ఆ చేత్తో కళ్లు నలుపుకున్నాడంటే ఆ పూటకు పని ఆగిపోతుంది.

స్క్రిప్టును మీ మామూలు వేగంతో ఒకసారి పైకి చదివి గడియారం చూడండి. నిమిషం దాటితే గింజల వాక్యం తీసేయండి, అది లేకపోయినా అర్థానికి లోటు రాదు. ఇంకా ఎక్కువగా ఉంటే "రంగులో దీనికి సాటి లేదు" అన్నది తీయవచ్చు. మొదటి ప్రశ్ననూ, దాని తరువాతి మౌనాన్నీ మాత్రం అలాగే ఉంచండి.