మూడా, ఎనిమిదా

శుక్రవారం సాయంత్రం ఐదున్నరకు అనంతపురం ల్యాబ్‌లో మిగిలింది ముగ్గురే. లోపల సార్, బయట అటెండర్ నాగరాజు, డీఎన్ఏ గదిలో సుజాత. సోమవారం సెషన్స్ కోర్టులో సార్ సాక్ష్యం ఉంది, దానికి ఫైలు సర్దిపెట్టడం సుజాత పని. మామూలుగా ల్యాబ్ రిపోర్టు వెళ్తే చాలు, ప్రతి కేసుకీ మనిషి వెళ్లక్కర్లేదు. ఈ కేసులో మాత్రం డిఫెన్స్ లాయర్ పట్టుబట్టి సమన్లు తెప్పించుకున్నాడు.

కేసు జిల్లా అంతా తెలిసిందే. కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో బోరు నీళ్ల దగ్గర గొడవ, తెల్లారేసరికి ఒకాయన చేను గట్టున చచ్చిపడి ఉన్నాడు, ఆయన సొంత అన్న కొడుకుని పట్టుకున్నారు. చూసినవాళ్లు లేరు. ఉన్నదల్లా రెండు గుడ్డలు. పిల్లోడి ఇంట్లో దొరికిన నీలం గళ్ల లుంగీ అయిటం 3. చచ్చిపోయినాయన భుజం మీది టర్కీ టవల్ అయిటం 8. లుంగీ మీద చిన్నాయన నెత్తురు, చిన్నాయన టవల్ మీద పిల్లోడి నెత్తురు అని రిపోర్టు. ఒకరి నెత్తురు ఇంకొకరి గుడ్డ మీద! ప్రభుత్వం తరఫు లాయర్ పీపీ గారు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు. పిల్లోడు రెండేళ్లుగా జైల్లోనే ఉన్నాడు, ఆ లుంగీ మీది నెత్తురు నాదే, కేసింగ్ పైపు తగిలి చెయ్యి తెగింది అని మొదటి రోజు నుంచీ చెప్తూనే ఉన్నాడు. నమ్మినవాళ్లు లేరు. సుజాత కూడా నమ్మలేదు, ఆమె పని నమ్మడం కాదు కాబట్టి దాని గురించి ఆలోచించనూ లేదు.

గుడ్డలు ఎప్పుడో సీళ్లు వేసి కోర్టుకు తిప్పి పంపేశారు. పరీక్షకు కత్తిరించగా మిగిలిన ముక్కలు మాత్రం చిన్న కాగితం కవర్లలో డీప్ ఫ్రీజర్లో ఉంటాయి. ఫైల్లో లెక్క సరిపోవాలి కదా అని వాటిని బయటికి తీసి టేబుల్ మీద పెట్టింది. ఒక కవర్ మీద 3, ఇంకో దాని మీద 8. చెమ్మకు అంచున జిగురు ఊడిపోయి, 3 అని ఉన్న కవర్లోంచి ముక్క కొస బయటికి కనిపిస్తోంది.

తెల్లగా ఉంది. దారప్పోగులు లేచి, ముద్దముద్దగా. టర్కీ టవల్.

ఇంకో కవర్ని ట్యూబులైటుకు ఎత్తి పట్టి చూసింది. కాగితం వెనక నీలం గళ్లు.

కుర్చీలో కూర్చుంది. కాళ్లు వణికాయని కాదు, అసలు ఏమీ అనిపించలేదు, పొద్దున ఉగ్గానిలో ఉప్పు తక్కువైన సంగతి గుర్తొచ్చింది, మనసు అట్లాంటిది. తర్వాత కవర్ల మీది చేతిరాత చూసింది. ఆమెదే. ఆమె ఎనిమిదిని ఎడమ పక్క సరిగా కలపదు, చిన్నప్పటి నుంచీ అంతే, బడిలో అయ్యవారు కూడా తిట్టేవాడు. చల్లటి కవర్ మీద బాల్‌పెన్ సరిగా పడదు. సగం పడిన ఎనిమిది మూడు లాగే ఉంటుంది.

ఆ రోజు కూడా గుర్తొచ్చింది. ఒక గుడ్డ తీసి, ముక్క కత్తిరించి, ట్యూబు మీదా కవర్ మీదా నెంబరు రాసి, సీలు వేసి, టేబుల్ మీద కాగితం, చేతి గ్లవ్స్ మార్చి, అప్పుడు రెండోది తియ్యాలి. పద్ధతి అది. కానీ ఫ్రీజర్లో పాత కవర్లు మిగిలి ఉంటే వాటి మీదే అన్ని నెంబర్లూ ముందే రాసి వరసగా పెట్టుకుంది, పని తొందరగా అవుతుందని. మధ్యలో కరెంటు పోయింది, జనరేటర్ ఎక్కేదాకా ఎమర్జెన్సీ లైటు. లుంగీ చేతిలో ఉన్నప్పుడు ఎనిమిదిని మూడు అనుకుని అందుకుని ఉంటుంది. టవల్ వంతు వచ్చేసరికి మిగిలింది ఒక్కటే కవర్, దాన్ని చూడాల్సిన పనే లేకపోయింది.

తప్పు కవర్లతోనే ఆగి ఉంటే ఫర్వాలేదు, రిపోర్టు రిపోర్టే. ట్యూబులు కూడా కవర్ల పక్కనే జతలుగా పెట్టుకుంది. అవీ మారి ఉంటే, లుంగీ మీద పిల్లోడి నెత్తురే, టవల్ మీద చిన్నాయన నెత్తురే. అంటే ఎవరి గుడ్డ మీద వాళ్ల నెత్తురు. అంటే ఏమీ లేదు.

అంత బాగా కుదిరినప్పుడే ఎవరికైనా అనుమానం రావాల్సింది. బాగా కుదిరింది కాబట్టే ఎవరూ మళ్లీ చూడలేదు.

"అక్కా, ఆరున్నర బస్సు పోతాది, రావా?" అన్నాడు నాగరాజు తలుపు దగ్గర.

"నువ్వు పో నాగా. సార్ ఉండారా?"

"ఉండారు. మంచి మూడ్‌లో లేరు."

కవర్లు ట్రేలో పెట్టుకుని వెళ్లింది. తెరవలేదు, తెరిస్తే రేపు ఎవరైనా నువ్వే మార్చినావు అనొచ్చు. సార్ చాలాసేపు చూశారు. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు.

"రాసింది ఎవరమ్మా?"

"నేనే సార్."

"ఇంకెవరైనా చూసినారా?"

ఆ ప్రశ్న ఎటు పోతుందో ఆమెకు అర్థం కాలేదు. "లేదు సార్. మీకే చెప్తాన్నా."

ఆయన కాసేపు కిటికీ వైపు చూశారు. ఏం ఆలోచించారో ఎవరికి తెలుసు. పద్నాలుగేళ్ల సర్వీసు ఆమెది, ఆయన సంతకం ఉన్న రిపోర్టు అది, సోమవారం బోనులో నిలబడాల్సింది ఆయనే. తర్వాత ఫోన్ తీసి పీపీ గారికి కలిపారు. అవతల అరుపులు సుజాత దాకా వినిపించాయి. "రెండు దినాలుండాయి, ఇప్పుడా చెప్పేది?" సార్ ఒకటే మాట మళ్లీ మళ్లీ అన్నారు, "ఇప్పుడే తెలిసింది సార్, ఇప్పుడే చెప్తాన్నా."

శనివారం పొద్దున వేరే బెంచి నుంచి ఖాదర్‌ని పిలిచారు. సుజాత ఆ గదిలోకి రాకూడదు. కవర్లు తెరుస్తున్నప్పుడు ఫొటోలు తీశారు, ఒక్కో ముక్కకూ వేరే పూట, వేరే టేబుల్. గుడ్డ ముక్కలు రాత్రంతా 56 డిగ్రీల దగ్గర నానాయి. ఆదివారం ఆమె ఇంట్లో ఉండలేక వచ్చి వరండా బెంచీ మీద కూర్చుంది. నాగరాజు టీ తెచ్చిచ్చాడు, ఏమీ అడగలేదు. సాయంత్రం ఖాదర్ ప్రింటు పట్టుకుని వచ్చాడు, ఆమెను చూసి ఒక్క క్షణం ఆగి, నేరుగా సార్ గదిలోకి పోయాడు. ఆ ఆగడంలోనే ఆమెకు తెలిసిపోయింది.

ట్యూబులు కూడా మారాయి.

సోమవారం సార్ కోర్టుకు పోయారు, చేతిలో కొత్త రిపోర్టు, పాత రిపోర్టు తప్పని లెటరు. కేసు వాయిదా పడింది. సుజాత టేబుల్ మీద మెమో ఉంది, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని. ఆమె పరీక్ష చేసిన పాత కేసులన్నీ మళ్లీ చూస్తారట, అందులో అన్యాయం ఏమీ లేదు.

నాగరాజు మెమో మీద సంతకం చేయించుకుంటూ అడిగాడు. "అయితే ఆ పిల్లోడు సంపలేదా అక్కా?"

"ఏమో నాగా. సంపినాడో లేదో ఆ గుడ్డ చెప్పదు."

"మరి రెండేండ్లు జైల్లో ఉండాడు కదా."

ఆమె జవాబు చెప్పలేదు. నాగరాజు జేబులో పెన్ను అడిగి తీసుకుని సంతకం పెట్టింది. కింద తేదీ రాయాలి. ఆ రోజు పద్దెనిమిదో తేదీ. ఒకటి రాసింది, దాని పక్కన ఒక సున్నా, దాని మీద ఇంకో సున్నా విడివిడిగా చుట్టింది. నాగరాజు మెమో తిప్పి చూసుకుని, "ఇదేం ఎనిమిది అక్కా," అన్నాడు.