రేపటి ప్రాక్టికల్స్‌కి క్రేనియల్ నర్వ్స్: ఐదు కేసులు

జవాబు కింద వెంటనే ఉంది, చెయ్యి అడ్డం పెట్టుకుని చదవండి. ఏ నర్వ్ అని చెప్పి ఆగితే సగం మార్కులే, ఎక్కడ దెబ్బతిందో, ఏ వైపో కూడా చెప్పాలి.

1. 34 ఏళ్ల డ్రైవర్. రాత్రంతా కిటికీ గాలి తగిలిందంటాడు. పొద్దున పుక్కిలిస్తుంటే నీళ్లు కుడి మూల నుంచి కారిపోయాయి. కుడి కన్ను మూతపడదు, నుదుటి మీద కుడివైపు ముడత రాదు, పప్పు రుచి తెలియట్లేదు, కుక్కర్ విజిల్ వేస్తే కుడి చెవి పగిలిపోతోందట.
జ: కుడి ఫేషియల్ నర్వ్, లోయర్ మోటార్ న్యూరాన్. విజిల్ భరించలేకపోవడమే అసలు క్లూ, అంటే స్టెపీడియస్‌కి వెళ్లే కొమ్మ పుట్టకముందే, ఫేషియల్ కెనాల్లో దెబ్బ. అదే స్టైలోమాస్టాయిడ్ ఫోరామెన్ దగ్గరైతే మూతి వంకరే కానీ రుచీ, వినికిడీ మామూలుగా ఉండేవి. పాపం కిటికీ గాలిదేం తప్పు లేదు.

2. 62 ఏళ్ల ఆవిడ, బీపీ మాత్రలు మానేశారు. కుడివైపు మూతి జారింది, కుడి చెయ్యి లేవదు, కానీ పైకి చూడమ్మా అంటే నుదురంతా ముడతలు పడింది.
జ: ఎడమ ఇంటర్నల్ క్యాప్సూల్ లేదా కార్టెక్స్. పై ముఖానికి రెండు కార్టెక్స్‌ల నుంచీ సప్లై ఉంటుంది కాబట్టి నుదురు బతికిపోయింది.

3. నాలుక చాపమంటే ఎడమకి పోయింది, ఎడమ సగం చిక్కిపోయి, నోట్లో ఊరికే ఉన్నప్పుడు కూడా లోపల పురుగులు పాకుతున్నట్టు అదురుతోంది.
జ: ఎడమ హైపోగ్లాసల్, లోయర్ మోటార్ న్యూరాన్. మంచిగా ఉన్న కుడి జీనియోగ్లాసస్ ముందుకు తోస్తుంటే ఆపేవాడు లేక నాలుక ఎడమకి వాలుతుంది. ఎగ్జామినర్ ఇక్కడితో వదలడు: "కుడి కాలూ చెయ్యీ కూడా పడిపోతే?" అంటాడు, అప్పుడు ఎడమ మీడియల్ మెడుల్లా. "కుడి పక్షవాతంతో నాలుక కూడా కుడికే పోయి, చిక్కిపోకుండా ఉంటే?" ఎడమ కార్టెక్స్ లేదా క్యాప్సూల్. నేను వైవాలో ఇక్కడే నోరెళ్లబెట్టాను.

4. హఠాత్తుగా భరించలేని తలనొప్పి, కుడి రెప్ప వాలింది, ఎత్తి చూస్తే కన్ను కిందికీ బయటికీ, ప్యూపిల్ పెద్దదై లైట్‌కి కదలదు.
జ: కుడి ఆక్యులోమోటార్, పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ ఆర్టరీ ఎన్యూరిజం అనుకుని వెంటనే యాంజియో చేయించాలి. ప్యూపిల్ ఫైబర్లు నర్వ్ పైపొరలో ఉంటాయి, బయటి ఒత్తిడి ముందు వాటికే తగులుతుంది. షుగర్ పేషెంట్‌లో ప్యూపిల్ సాధారణంగా బాగానే ఉంటుంది.

5. మెడ పక్కన గడ్డకి బయాప్సీ చేశాక ఆ వైపు చెయ్యెత్తి తల దువ్వుకోలేకపోతోంది, భుజం జారింది. తల తిప్పడం మాత్రం మామూలే.
జ: స్పైనల్ యాక్సెసరీ, పోస్టీరియర్ ట్రయాంగిల్లో. స్టెర్నోమాస్టాయిడ్ కొమ్మ అంతకుముందే వెళ్లిపోయింది, అందుకే ట్రెపీజియస్ ఒక్కటే పడింది.