పాలు పోసేవాళ్లు ఫోన్లో ఏం చెప్పారు: కమిటీ సమావేశానికి సారాంశం

పాలకవర్గ సభ్యులకు,

ఫిబ్రవరి 3 నుంచి 9 వరకు రోజూ సాయంత్రం 7 గంటలకు మన 14 పాల కేంద్రాల సభ్యులకు వెళ్లిన ఫోన్లలో మొత్తం 236 రికార్డింగులు వచ్చాయి. అందులో 19 రికార్డింగుల్లో టీవీ మోత తప్ప మాట లేదు. 6 అదే మనిషి రెండోసారి చెప్పినవి. ఇవన్నీ వదిలేశాం. మిగిలిన 211 జవాబులనూ ఇద్దరం కూర్చుని విన్నాం. మొదటి 30 విడివిడిగా విని లెక్కలు పోల్చుకుంటే ఐదింట్లో తేడా వచ్చింది. ఆ ఐదూ మళ్లీ విని, ఏ మాట ఏ పద్దు కిందికి రావాలో తేల్చుకున్నాకే మిగతావి పంచుకున్నాం.

మొదటి ప్రశ్న: కేంద్రంలో మీకున్న ఇబ్బంది ఏమిటి?

ఫ్యాట్ రీడింగు మీద అనుమానం 83, బిల్లు ఆలస్యం 61, సాయంత్రం బండి వేళ 38, దాణా 24, ఇతరం 17. ఏ ఇబ్బందీ లేదన్నవాళ్లు 31 మంది. 43 మంది రెండేసి ఇబ్బందులు చెప్పారు కాబట్టి ఈ అంకెలు కూడితే 211 దాటుతుంది.

83 చూడగానే రేటు పెంచమంటున్నారనుకుంటాం. మేమూ అలాగే అనుకున్నాం. విన్నాక తెలిసింది వేరు. అందులో 47 మంది అడిగింది అంకె కనిపించాలని, చీటీ ఇవ్వాలని, అంతే.

"మిషను అటేపు తిప్పి పెడతారండీ. అంకె వాళ్లకే కనపడుద్ది. చీటీ ఇవ్వమంటే రోలు అయిపోయిందంటారు. సంక్రాంతి నుంచి ఆ రోలు రాలా."

ఇంకో 22 మందిది పూటకో తీరుగా వస్తోందన్న బాధ.

"అదే గేదె, అదే మేత. పొద్దున ఆరున్నర, సాయంత్రం ఏడూ పాయింటు ఎనిమిది. ఏది నమ్మాలి?"

ఈ తేడా అంతా మోసం కాదు. రాత్రంతా పొదుగులో నిలిచిన పాలు ఎక్కువ వస్తాయి, వెన్న పల్చబడుతుంది. చివరి ధారల్లోనే చిక్కదనం ఉంటుంది, దాన్ని దూడకు వదిలితే రీడింగు పడిపోతుంది. అయితే మన వైపు తప్పూ ఉంది. శాంపిలు తీసే ముందు పాలు కలపడం లేదని ఏడుగురు చెప్పారు. కలపకపోతే అంకె ఎలాగూ నిలకడగా రాదు. ఆ 83లో మిగతా 14 మంది పక్కింటి రీడింగుతో పోల్చుకున్నవాళ్లు.

బండి వేళ గురించి మాట్లాడిన 38 మందిలో 29 మంది రెండే కేంద్రాల వాళ్లు. అక్కడ బండి 5.30కే కదులుతోంది, గేదెలు మేత నుంచి తిరిగొచ్చేసరికి ఆరవుతోంది. ఇది ఆ రెండు ఊళ్ల సంగతి, అన్ని రూట్లూ మార్చాల్సిన పని లేదు. దాణా మీద మాటలన్నీ ధర గురించే.

రెండో ప్రశ్న: బిల్లు పదిహేను రోజులకు బదులు పది రోజులకు ఇస్తే?

పది రోజులు కావాలన్నవాళ్లు 128, పదిహేనే ఉంచమన్నవాళ్లు 52, ఎటూ తేల్చనివాళ్లు 31.

"పచ్చిగడ్డి కొనాలన్నా చేబదులే కదండీ. పది రోజులకు ఇస్తే ఆ వడ్డీ అన్నా తప్పుద్ది."

52 చిన్న సంఖ్యేమీ కాదు. అందులో 35 మంది ఆడవాళ్లు, చాలామంది చెప్పిన కారణం ఒకటే.

"పది రోజులకైతే చిల్లరగా వచ్చి చిల్లరగానే పోతాయి. పదిహేను రోజులకైతే గ్రూపు లోను కిస్తీ ఒక్కసారే కట్టేస్తా."

కాబట్టి 128 చూసి అందరికీ ఒకేసారి మార్చేయకుండా, ఎవరికి ఏది కావాలో రాయించుకోవడం మేలని మా అభిప్రాయం.

ఇంకో మాట. ఈ 211 గొంతుల్లో ఆడవాళ్లవి 77 మాత్రమే. కేంద్రం దగ్గర క్యాన్ పట్టుకుని నిలబడేది ఎక్కువగా వాళ్లే, మన రిజిస్టర్లో ఉన్నది మాత్రం భర్త నంబరు. 12 రికార్డింగుల్లో జవాబు చెబుతున్నది ఆయన, వెనక నుంచి దిద్దుతున్నది ఆవిడ. ఒక దాంట్లో ఆయన "ఇబ్బందేం లేదండీ" అంటుంటే ఆవిడ "మొన్న పాలు ఇరిగినయ్యని పారబోశారు కదా, అది చెప్పు" అంటోంది. దాన్ని 'ఇబ్బంది లేదు' కింద వేయలేదు, 'ఇతరం'లో వేశాం.

పేర్లు, ఊళ్లు కనిపించకుండా మాటలు మాత్రమే ఇక్కడ ఇచ్చాం. సాగదీసినచోట కత్తిరించాం, మాట మార్చలేదు.

బిల్లు ఆలస్యం అన్న 61 మందిలో 9 మందిది ఆలస్యం కాదు, జనవరి బిల్లు అసలు ఖాతాలో పడనే లేదు. వాళ్ల సభ్యత్వ నంబర్లు విడిగా కాగితం మీద రాసి అకౌంటెంటు గారికి ఇచ్చాం. సమావేశం దాకా ఆగకుండా ఆ తొమ్మిదీ ఈ వారమే చూడమని కోరుతున్నాం.