సర్పవరం జంక్షన్‌లో రెండో బ్రాంచి: ఎన్‌పీవీ లెక్క

విషయం: కాకినాడ భానుగుడి జంక్షన్ బేకరీకి సర్పవరం జంక్షన్‌లో రెండో షాపు, మీ వాటా రూ.10 లక్షలు, నా వాటా రూ.10 లక్షలు

నమస్కారమండీ. మీరడిగిన లెక్క ఇది. ముందే చెప్పేస్తున్నాను: 15 శాతం డిస్కౌంట్ రేటుతో ఐదేళ్లకు ఎన్‌పీవీ, అంటే నికర వర్తమాన విలువ, రూ.2.13 లక్షలు. ఏటా వచ్చే నగదును నేటి విలువకు మార్చి, అందులోంచి పెట్టుబడి తీసేస్తే మిగిలేది ఇదే. ప్లస్సులోనే ఉంది, కానీ పల్చగా ఉంది. ఎక్కడ పల్చనో కింద చూపిస్తాను.

పెట్టుబడి రూ.20 లక్షలు

షాపు అడ్వాన్సు 3, ఇంటీరియరు, కౌంటర్లు 5.5, రెండు డిస్‌ప్లే చిల్లర్లు 2.8, సరుకు తోలడానికి ఎలక్ట్రిక్ ఆటో 3.5, వర్కింగ్ క్యాపిటల్ 1.5. ఇన్వర్టరు, పఫ్ ఓవెను, డీప్ ఫ్రీజరు, బిల్లింగ్ మెషీను, త్రీ ఫేజ్ కనెక్షను అన్నీ కలిపి 3.7. బ్రెడ్డు, స్పాంజి పాత షాపులోనే కాల్చి పంపుతాం. అక్కడి రోటరీ ఓవెను ఉదయం 4 నుంచి 10 దాకానే నడుస్తోంది కాబట్టి మరో రోటరీ ఓవెను కొనక్కర్లేదు. డిసెంబరు 31కి మాత్రం రెండు షాపుల కేకులూ ఒకేసారి మీద పడతాయి. ఆ మూడు రోజులు రాత్రి షిఫ్టు తప్పదు.

రాబడి అంచనా

అమ్మకాలు జీఎస్టీ తీసేసి, ఏడాదికి 360 రోజులకు. మొదటి ఏడు రోజుకు రూ.12,000, తర్వాత వరసగా 14,500, 16,000, 17,000, 18,000. వంద రూపాయల అమ్మకంలో సరుకు, ప్యాకింగు, వేస్టేజీ కలిపి 52 పోతాయి. జీతాలు, అద్దె, కరెంటు, రవాణా, పాత షాపు వంటగదిలో అదనపు హెల్పరు కలిపి మొదటి ఏడు రూ.15.3 లక్షలు, ఏటా 6 శాతం పెరుగుతాయి. ఇందులో అద్దె నెలకు 30,000.

ఇక అసలు కిటుకు. పాత షాపు కేకుల ఆర్డరు పుస్తకంలో మూడు నెలల అడ్రసులు తిరగేస్తే సర్పవరం, రమణయ్యపేట వైపువాళ్లు బాగానే ఉన్నారు. వాళ్లు కొత్త షాపుకే వెళ్తారు. పాత షాపులో రోజుకు రూ.1,000 అమ్మకం తగ్గుతుందనుకుని, ఏడాదికి రూ.1.73 లక్షల మార్జిను కోసేశాను. మీరు చేరేది రెండు షాపులూ ఉన్న ఫర్మ్‌లో కాబట్టి ఈ కోత మీకూ తగులుతుంది. దీన్ని దాచిపెడితే ఎన్‌పీవీ రూ.6.12 లక్షలని చూపించొచ్చు, కానీ అది తప్పుడు లెక్క.

పన్ను 31.2 శాతం, తరుగుదల సులువుకోసం అన్నిటికీ 15 శాతం. అప్పు వడ్డీ విడిగా తీసేయలేదు. అది డిస్కౌంట్ రేటులోనే ఉంది, మళ్లీ తీస్తే రెండుసార్లు కోసినట్టు. బ్యాంకు మనకు 11.5 శాతానికి ఇస్తుంది, రిస్కుకు మిగతాది కలిపాను.

| ఏడు | పన్ను పోను నగదు (లక్షలు) | గుణకం | నేటి విలువ |
|---|---|---|---|
| 1 | 3.28 | 0.8696 | 2.85 |
| 2 | 5.51 | 0.7561 | 4.17 |
| 3 | 6.53 | 0.6575 | 4.29 |
| 4 | 6.93 | 0.5718 | 3.96 |
| 5 | 13.80 | 0.4972 | 6.86 |
| మొత్తం | | | 22.13 |

ఐదో ఏట 13.80లో అడ్వాన్సు 3, వర్కింగ్ క్యాపిటల్ 1.5, సామాన్ల అమ్మకం 2 కలిసి ఉన్నాయి. అడ్వాన్సు తిరిగి రాకపోతే దాదాపు రూ.1.5 లక్షల నేటి విలువ పోయినట్టే.

ఎక్కడ తలకిందులవుతుంది

అమ్మకాలు ఐదేళ్లూ అంచనాకంటే మూడున్నర శాతం తగ్గితే ఎన్‌పీవీ సున్నా. పది శాతం తగ్గితే మైనస్ రూ.3.88 లక్షలు. అద్దె 30,000 బదులు 35,000 అయితే మిగిలేది దాదాపు రూ.60 వేలు. అంటే అద్దె బేరమే సగం ప్రాజెక్టు.

వేస్టేజీ మన చేతిలో ఉన్నది. ఐసింగ్ చేసిన కేకును ఆటోలో పంపితే స్పీడు బ్రేకర్ల దగ్గర క్రీము పక్కకు జారుతుంది, అంచులు పగులుతాయి. అందుకే స్పాంజి మాత్రమే పంపి, ఐసింగ్ అక్కడే చేయించాలి. ఒక కేక్ మాస్టరు జీతం దీనికే పెట్టాను. ఎగ్ పఫ్, కర్రీ పఫ్ పచ్చివి ఫ్రీజర్లో ఉంచి ట్రేకు ఇరవై చొప్పున కాల్చుకోవాలి. పొద్దున్నే అన్నీ కాల్చి పెడితే సాయంత్రానికి మెత్తబడి మిగిలిపోతాయి. కరెంటు పోయి చిల్లరు వేడెక్కితే ఫ్రెష్ క్రీము కారిపోతుంది, కాబట్టి ఇన్వర్టరు ఖర్చు తగ్గించొద్దు.

నా షరతులు

అద్దె రూ.30,000 మించకూడదు, ఏటా పెంపు 5 శాతం, ఐదేళ్ల రిజిస్టర్డ్ అగ్రిమెంటు, ఆరు నెలల నోటీసుతో మనం ఖాళీ చేసుకునే హక్కు. తొమ్మిదో నెలకు రోజువారీ సగటు రూ.11,000 దాటకపోతే ఆటో, చిల్లర్లు అమ్మి మూసేద్దాం. ఇంటి ఓనరు అగ్రిమెంటు ముసాయిదా ఇచ్చాక అడ్వాన్సు కడదాం, ముందు కాదు. ఈ మూడింటిలో దేనికైనా మీకు అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి, లెక్క మార్చి పంపుతాను.