మూడు వరసల కుట్టు

ఆదివారం ఎర్రగడ్డ సంతకు ఉదయం ఏడు దాటాక వెళ్తే మంచి బట్టలు మిగలవు. సుప్రియ ఆరున్నరకే బోరబండలో బయల్దేరుతుంది. బీకాం రెండో ఏడాది చదువుతోంది. వారానికి పదీ పన్నెండు బట్టలు ఏరుకొచ్చి, ఉతికి, ఇస్త్రీ చేసి, ఫొటోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతుంది. నేల మీద పరిచిన గుట్ట ముందు గొంతుక్కూర్చుని ముందుగా చంకలు చూస్తుంది, తర్వాత కాలరు లోపలి మడత. ఆ పైన జిప్పు మూడుసార్లు పైకీ కిందికీ లాగుతుంది. చివర్లో బట్టను ఎండకెదురుగా పట్టుకుంటుంది. చిన్న చిల్లులూ, అరిగి పలచబడిన చోట్లూ వెలుతురు వెనక నుంచి పడితేనే తెలుస్తాయి. ఈ నాలుగూ చూడకుండా కొన్న బట్టలో సగం ఇంట్లోనే మిగిలిపోతుంది.

ఆ వారం 150 రూపాయలకు ఒక డెనిమ్ జాకెట్ దొరికింది. మందమైన బట్ట, బటన్లన్నీ ఉన్నాయి. ఎడమ చంక కింద మాత్రం రెండంగుళాల మేర కుట్టు ఊడిపోయింది. చిరిగింది బట్ట అయితే వదిలేసేదే. ఊడింది దారమే కాబట్టి తీసుకుంది.

ఇంటికి తేగానే మూట విప్పి, ఒక్కోటీ తిరగేసి, చల్లటి నీళ్లలో నానబెట్టింది. రంగు దిగే డెనిమ్‌కు వేరే బకెట్. గుట్టల్లో పడున్న బట్టలకు ఒక ముక్కవాసన పట్టి ఉంటుంది, సబ్బు ఎంత వేసినా అది పోదు. ఆఖరి నీళ్లలో అర కప్పు తెల్ల వెనిగర్ పోసి, పావుగంట ఉంచి, గాలాడే నీడలో ఆరేయాలి. తడి పూర్తిగా ఆరకుండా మడతపెడితే ఆ వాసన మళ్లీ మొదటికొస్తుంది.

జాకెట్ ఆరాక వాళ్లమ్మ మిషన్ ముందు కూర్చుంది. మామూలు సూది తీసేసి పదహారో నంబరు సూది వేసింది. సన్న సూదితో డెనిమ్ మడతల మీద కుడితే సూదైనా విరుగుతుంది, కుట్టైనా తప్పుతుంది. జాకెట్ మీద ఉన్నది ఇటుకరంగు దారం. ఇంట్లో ఉన్న మందం దారం నీలంది. దానితోనే కుట్టింది.

సోమవారం పొద్దున కాలేజీకి వెళ్లేముందు సుప్రియ కిటికీ పక్కన తెల్ల దుప్పటి పరిచి ఫొటోలు తీసింది. ముందు, వెనక, కాలరు, చేతుల చివర. ఎడమ చెయ్యి మాత్రం కిందికి మడిచి పెట్టింది. ధర 550, కొరియర్ 90 వేరే. కింద అందరూ రాసేదే రాసింది: 'కొత్తదానిలా ఉంది'.

ఆ మాటతో కిందటి నెల ఒక దెబ్బ తిన్నది కూడా. 80కి కొన్న కుర్తీ 350కి పోయింది. చంకల్లో పసుపు మరక ఉంది. పోగొడదామని బ్లీచ్ పోస్తే మరక ఇంకా ముదిరింది. చెమట మరక మీద బ్లీచ్ పోస్తే జరిగేది అదే. వంటసోడా ముద్ద పట్టించి గంటసేపు వదిలేసి ఉంటే కొంతైనా తగ్గేది. ఆ కుర్తీ నాలుగో రోజుకు తిరిగొచ్చింది. 350 వెనక్కిచ్చింది. రాను 70, పోను 70 కొరియర్ కూడా తనే పెట్టుకుంది. అయినా మాట మార్చలేదు. మరక ఉందని రాస్తే ఎవరు కొంటారు, అన్నది ఆమె భయం.

బుధవారం సాయంత్రం హన్మకొండ నుంచి ఒకావిడ మెసేజ్ పెట్టింది.

'జాకెట్ ఉందామ్మా?'

'ఉంది అక్కా.'

'ఇంత మందం డెనిమ్ 550కే ఎందుకిస్తున్నవ్? ఏమన్న డ్యామేజ్ ఉందా?'

'ఏం లేదక్కా. కొత్తదానిలా ఉంది.'

కాసేపు జవాబు లేదు. తర్వాత, 'సరేమ్మా, చూస్త.'

చూస్తానంటే కొననని. ఏడాదిగా అమ్ముతున్న సుప్రియకు ఆ సంగతి బాగా తెలుసు.

"ఇదీ పోయింది," అంటూ ఫోన్ చాప మీద పడేసింది. మిషన్ మీద బ్లౌజు కుడుతున్న వాళ్లమ్మ ఫోన్ అందుకుని ఫొటోలు ఒక్కొక్కటే జరిపింది.

"నేను కుట్టింది ఏదీ? ఇండ్ల లేదే?"

"అది పెట్టలేదమ్మా."

"ఎందుకు?"

సుప్రియ మాట్లాడలేదు.

"దారం రంగు కలవలేదు, నిజమే. కుట్టు అయితే పక్కాగుంది. గుంజి చూడు, ఊడితే నన్నడుగు. దాచిపెట్టేటంత చెడ్డగ కుట్టిన్నా నేను?" ఆమె కోపంగా అనలేదు. ఫోన్ తిరిగిచ్చేసి బ్లౌజు మీదికి తల వంచింది.

సుప్రియ లేచి జాకెట్ తెచ్చింది. కుట్టుకు రెండు వైపులా పట్టుకుని గట్టిగా లాగింది. కదల్లేదు. టేపు పెట్టి కొలిచింది. టైపు చేసి, ఒకసారి చెరిపేసి, మళ్లీ చేసింది.

'అక్కా, ఎడమ చంక కింద రెండంగుళాలు కుట్టు ఊడితే మా అమ్మ నీలం దారంతో రెండు వరసలు కుట్టింది, గట్టిగానే ఉంది గానీ చెయ్యి పైకెత్తితే రంగు తేడా కనిపిస్తది.'

పంపాక ఫోన్ బోర్లా పెట్టేసింది. రెండు నిమిషాలకు మోగింది.

'ఫొటో పెట్టు.'

చెయ్యి పైకి తిప్పి, పక్కన టేపు పెట్టి, దగ్గర నుంచి తీసి పంపింది.

'ఇంతేనా? నేను ఇంకేందో అనుకున్న. మొన్న ఒకరు ఏం లేదని పంపితే వీపు మీద కాలిన మచ్చ ఉండె. కొలతలు చెప్పు.'

'చంక నుంచి చంకకు 20 అంగుళాలు, అంటే ఛాతీ 40. భుజం 16న్నర. పొడుగు 22. చెయ్యి 23. లేబుల్ మీద ఎల్ అని ఉంది గానీ కొలతకు ఎమ్ లాగా వస్తుంది, లేబుల్ చూసి తీసుకోకండి. మీకు బాగా సరిపోయే జాకెట్ ఒకటి నేల మీద పరిచి కొలిచి చూడండి.'

ఈసారి పది నిమిషాలు పట్టింది. సుప్రియ ఫోన్ తిప్పి పెట్టలేదు.

'నాదానికి 19న్నర వచ్చింది. లోపల స్వెటర్ వేసుకుంటే సరిపోతది. పొద్దున ఆరింటికి స్కూటీ మీద డ్యూటీకి పోత, చలికి వేసుకోవాలె. స్కూటీ మీద చెయ్యి పైకెత్తే పనేముంది? పంపు. పైసలు కొడుతున్న.'

640 వచ్చినట్టు ఫోన్ చెప్పింది. 150 జాకెట్‌కు, 90 కొరియర్‌కు, వెనిగర్‌కూ కవరుకూ ఒక 25. లెక్కల పుస్తకంలో 375 మిగులు రాసుకుంది. తర్వాత గోడకు తగిలించి ఉన్న పదకొండు బట్టలనూ కిందికి దించి, ఒక్కోదాన్నీ లోపలికి తిరగేసి చూడసాగింది. గళ్ల చొక్కా కాలరు అంచు నూలు లేచింది. నల్ల కుర్తీకి పక్క జేబు దగ్గర సూదిమొనంత చిల్లు. పచ్చ టాప్‌కు ఏమీ లేదు, నిజంగానే ఏమీ లేదు. ఒక్కోదాని కింద ఉన్న 'కొత్తదానిలా' చెరిపేసి, ఎక్కడ, ఎంత, కనిపిస్తుందా లేదా అన్నది రాస్తూ పోయింది. గళ్ల చొక్కా అడిగినావిడ కాలరు సంగతి చదివి ఆ రాత్రే వద్దంది. కనీసం కొరియర్ అటూ ఇటూ తిరిగే ఖర్చు తప్పింది.

"ఏం రాసినవ్ ఆమెకు?" అంది వాళ్లమ్మ, దారం కొరుకుతూ.

సుప్రియ చదివి వినిపించింది.

"రెండు వరసలు కాదు, మూడు. నడిమిది మడత లోపల ఉంటది, కనపడదు. దాని మీదనే బరువంత ఆగుతది."

సుప్రియ మళ్లీ ఫోన్ తీసుకుంది. 'అక్కా, ఒక తప్పు చెప్పిన,' అని మొదలుపెట్టింది.