కాంట్రిబ్యూషన్, బ్రేక్-ఈవెన్ విశ్లేషణ: మేనేజ్‌మెంట్ అకౌంటింగ్ క్విజ్, జవాబుల వివరణతో

వ్యవధి 45 నిమిషాలు, మొత్తం మార్కులు 30. కాలిక్యులేటర్ వాడవచ్చు. బెంగళూరులో మన ఆదివారపు తరగతికి వస్తున్న కాస్ట్ అకౌంటింగ్ విద్యార్థుల కోసం ఈ ప్రశ్నపత్రాన్ని తయారుచేశాం. ప్రశ్నలన్నీ ఒకే కల్పిత వ్యాపారం చుట్టూ తిరుగుతాయి కాబట్టి, వివరాలను రెండుసార్లు చదివిన తరువాతే కలం పట్టండి.

వ్యాపార వివరాలు

గుంటూరు నుంచి వచ్చి మారతహళ్లిలో స్థిరపడిన వదినా మరదళ్లు ఇద్దరు, అద్దెకు తీసుకున్న ఒక షెడ్డులో గోంగూర పచ్చడి తయారుచేసి, చుట్టుపక్కల అపార్టుమెంట్లకూ పీజీ హాస్టళ్లకూ అరకిలో సీసాల్లో అమ్ముతున్నారు. సీసా ధర, పన్నులు కాకుండా, 200 రూపాయలు. ఒక్కో సీసాకు గోంగూర, నూనె, మిరపకాయలు, ఉప్పు వగైరా 74 రూపాయలు, సీసా, మూత, లేబులు కలిపి 22, ప్యాకింగ్ చేసేవారికి సీసా లెక్కన ఇచ్చే కూలి 12, ఇంటికి చేర్చే ఖర్చు 8, కరెంటు 4 రూపాయలు అవుతాయి.

నెలవారీ స్థిర వ్యయాల్లో షెడ్డు అద్దె 45,000, ఇద్దరు నెల జీతగాళ్లకు 48,000, యంత్రాల తరుగుదల 12,000, కరెంటు బిల్లులో మారని భాగంతో కలిపి ఇతర ఖర్చులు 15,000 రూపాయలు ఉన్నాయి. షెడ్డు యజమానికి పది నెలల అద్దెను, అంటే 4,50,000 రూపాయలను, తిరిగి వచ్చే అడ్వాన్సుగా ఇచ్చారు. ప్రస్తుతం నెలకు 2,000 సీసాలు అమ్ముడుపోతున్నాయి. షెడ్డులో నెలకు 2,600 సీసాలకు మించి తయారుకావు.

ప్రశ్నలు

1. ఏప్రిల్‌లో 1,400 సీసాలకు కరెంటు బిల్లు 9,200 రూపాయలు, జూన్‌లో 2,200 సీసాలకు 12,400 రూపాయలు వచ్చింది. గరిష్ఠ-కనిష్ఠ పద్ధతిలో బిల్లును చర, స్థిర భాగాలుగా విడదీయండి. (2)

2. కింది మార్పుల్లో పీ/వీ నిష్పత్తిని కదిలించనిది ఏది? (2)
(అ) సీసా ధర పెరగడం (ఆ) షెడ్డు అద్దె పెరగడం (ఇ) ఖాళీ సీసా ధర తగ్గడం (ఈ) ప్యాకింగ్ కూలి పెరగడం

3. సీసాకు కాంట్రిబ్యూషన్, పీ/వీ నిష్పత్తి, బ్రేక్-ఈవెన్ స్థాయి (సీసాల్లోనూ రూపాయల్లోనూ), నగదు బ్రేక్-ఈవెన్ స్థాయి లెక్కించండి. (4)

4. మార్జిన్ ఆఫ్ సేఫ్టీని, ఆపరేటింగ్ లీవరేజ్‌ను లెక్కించి, అమ్మకాలు 10 శాతం తగ్గితే లాభం ఎంత శాతం తగ్గుతుందో చెప్పండి. (3)

5. పన్ను రేటు 25 శాతం అనుకుంటే, పన్ను పోను నెలకు 60,000 రూపాయలు మిగలాలంటే ఎన్ని సీసాలు అమ్మాలి? (3)

6. ధరను 10 శాతం పెంచితే, ఇప్పటి లాభం తగ్గకుండా ఎన్ని సీసాల అమ్మకాన్ని వదులుకోవచ్చు? (3)

7. ఒక డెలివరీ యాప్‌లో చేరదామని మరదలి ప్రతిపాదన. యాప్ 25 శాతం కమిషన్ తీసుకుంటుంది, కానీ ఇంటికి చేర్చే ఖర్చు యాప్‌దే. ఫొటోలకూ ప్రచారానికీ నెలకు అదనంగా 6,000 రూపాయలు అవుతాయి. యాప్ ద్వారా 600 సీసాలు పోతాయని అంచనా. వదిన మాత్రం, "సీసాకు అన్ని ఖర్చులూ కలిపి 172 పడుతుంటే, చేతికి వచ్చేది 150. ఒక్కో సీసాకు 22 రూపాయలు పోగొట్టుకోవడానికి చేరాలా?" అంటోంది. ఆమె వాదనను పరిశీలించి, చేరడం మంచిదో కాదో చెప్పండి. ఆ 600 సీసాల్లో కొన్నింటిని ఇప్పటి ఖాతాదారులే కొంటే మీ జవాబు ఎక్కడ మారుతుంది? (6)

8. కరివేపాకు పొడి ప్యాకెట్లు కూడా మొదలుపెట్టారు. ప్యాకెట్ ధర 90, చర వ్యయం 50 రూపాయలు. (క) ఒక సీసాకు రెండు ప్యాకెట్ల చొప్పున అమ్ముడైతే, స్థిర వ్యయాలు మారకపోతే, బ్రేక్-ఈవెన్ ఎంత? (ఖ) సంక్రాంతికి పనివాళ్లు ఊళ్లకు వెళ్లడంతో జనవరిలో 300 పనిగంటలే దొరుకుతాయి. సీసాకు 10 నిమిషాలు, ప్యాకెట్‌కు 4 నిమిషాలు పడతాయి. పొడికి గిరాకీ 3,000 ప్యాకెట్లు మాత్రమే. దేన్ని ఎంత తయారుచేయాలి? (4)

9. ఒక నెలలో 2,400 సీసాలు తయారుచేసి 2,000 మాత్రమే అమ్మారు. ప్రారంభ నిల్వ లేదు. సాధారణ ఉత్పత్తి స్థాయి 2,400 అనుకుని, స్థిర వ్యయాలన్నీ ఉత్పత్తికి చెందినవే అనుకుని, మార్జినల్, అబ్సార్ప్షన్ పద్ధతుల్లో లాభాల తేడాను వివరించండి. (3)

జవాబులు, వివరణ

1. బిల్లులో తేడా 3,200, సీసాల్లో తేడా 800, కాబట్టి సీసాకు 4 రూపాయలు. 1,400 సీసాలకు చర భాగం 5,600, మిగిలిన 3,600 స్థిర భాగం. ఈ పద్ధతి రెండే నెలల మీద ఆధారపడుతుంది. ఆ రెంటిలో ఒకటి మామూలు నెల కాకపోతే, ఉదాహరణకు గ్రైండరు పాడై పని ఆగిన నెల అయితే, జవాబు తప్పుదోవ పట్టిస్తుంది.

2. సరైన జవాబు (ఆ). పీ/వీ నిష్పత్తిలో స్థిర వ్యయానికి చోటు లేదు. పేరులో లాభం అనే మాట ఉన్నా ఈ నిష్పత్తి కొలిచేది లాభాన్ని కాదు, అమ్మకాల్లో కాంట్రిబ్యూషన్ వాటాను. ఏటా కొందరు విద్యార్థులు ఆ పేరును నమ్మే మార్కులు పోగొట్టుకుంటారు.

3. చర వ్యయం 120, కాబట్టి కాంట్రిబ్యూషన్ 80 రూపాయలు, పీ/వీ నిష్పత్తి 40 శాతం. స్థిర వ్యయాలు 1,20,000ను 80తో భాగిస్తే 1,500 సీసాలు. రూపాయల్లో 1,20,000ను 0.40తో భాగిస్తే 3,00,000. తరుగుదలకు చేతి నుంచి డబ్బు పోదు కనుక నగదు బ్రేక్-ఈవెన్‌కు 1,08,000ను 80తో భాగించాలి. అది 1,350 సీసాలు. అడ్వాన్సును స్థిర వ్యయంలో కలిపినవారికి మార్కులు లేవు. తిరిగి వచ్చే సొమ్ము ఆస్తి అవుతుంది కానీ ఖర్చు కాదు. దాని మీద వడ్డీ పోతోంది కదా అని ఎవరైనా రాస్తే, అది మంచి ఆలోచనే, కానీ ఈ ప్రశ్నలో వడ్డీ రేటు ఇవ్వలేదు.

4. మార్జిన్ ఆఫ్ సేఫ్టీ 500 సీసాలు, అంటే 1,00,000 రూపాయలు, అమ్మకాల్లో 25 శాతం. కాంట్రిబ్యూషన్ 1,60,000, లాభం 40,000, కాబట్టి ఆపరేటింగ్ లీవరేజ్ 4. అమ్మకాలు 10 శాతం తగ్గితే లాభం 40 శాతం తగ్గి 24,000కు దిగుతుంది. 1,800 సీసాలతో లెక్కించి సరిచూసుకోవచ్చు. మార్జిన్ ఆఫ్ సేఫ్టీ శాతాన్ని తిరగేస్తే లీవరేజ్ వస్తుందని గమనించినవారికి లెక్క సగమే మిగులుతుంది.

5. ముందుగా పన్నుకు ముందు లాభం కట్టాలి: 60,000ను 0.75తో భాగిస్తే 80,000. దానికి 1,20,000 కలిపి 80తో భాగిస్తే 2,500 సీసాలు. 60,000కు 25 శాతం కలిపి 75,000 అని రాయడం మామూలుగా జరిగే పొరపాటు. వచ్చిన జవాబు 2,600 లోపు ఉందో లేదో చూసుకోవడం కూడా జవాబులో భాగమే.

6. కొత్త ధర 220, కాంట్రిబ్యూషన్ 100. పాత కాంట్రిబ్యూషన్ 1,60,000 రావడానికి 1,600 సీసాలు చాలు, అంటే 400 సీసాలను, అమ్మకాల్లో 20 శాతాన్ని, వదులుకోవచ్చు. బ్రేక్-ఈవెన్ కూడా 1,200కు తగ్గుతుంది. అంతమంది ఖాతాదారులు నిజంగా వెళ్లిపోతారా అన్నది ఈ లెక్క చెప్పదు, బజారు చెప్పాలి.

7. వదిన 172 ఎలా తెచ్చిందో మొదట చూడాలి. చేర్చే ఖర్చు పోను చర వ్యయం 112, దానికి 2,000 సీసాల మీద పంచిన స్థిర వ్యయం 60 కలిపింది. ఆ 60 రూపాయలు యాప్ వల్ల పుట్టినవి కావు, యాప్‌లో చేరకపోయినా పోయేవి కావు. అద్దె, జీతాలు, తరుగుదల 2,000 సీసాలకైనా 2,600కైనా అంతే కాబట్టి, ఈ నిర్ణయంలో వాటిని లెక్కలోకి తీసుకోవడమే తప్పు. పైగా 2,600 సీసాలు అమ్ముడైన నెలలో అదే స్థిర వ్యయం సీసాకు 46 రూపాయల చిల్లరకు దిగుతుంది. స్థిరంగా ఉండేది మొత్తమే తప్ప సీసా వంతు కాదు.

యాప్ సీసాకు 150 వస్తుంది, 112 పోతుంది, కాంట్రిబ్యూషన్ 38 రూపాయలు. 600 సీసాలకు 22,800, అందులో అదనపు స్థిర వ్యయం 6,000 తీసివేస్తే లాభం 16,800 పెరుగుతుంది. ఆ 6,000 మాత్రం ఈ నిర్ణయానికి సంబంధించినదే, అది కూడా స్థిర వ్యయమే అయినా. 2,600 సీసాల సామర్థ్యం సరిగ్గా సరిపోతుంది కనుక కొత్త షెడ్డు అవసరం లేదు.

అంతమాత్రాన మరదలిదే గెలుపు అని తేల్చడం తొందరపాటు. ఇప్పటికే నేరుగా కొంటున్నవారు యాప్‌కు మారితే, అలా మారిన ప్రతి సీసాకూ 80 రూపాయల పాత కాంట్రిబ్యూషన్ పోతుంది. 16,800ను 80తో భాగిస్తే 210 వస్తుంది. ఆ 600లో 210కి మించి పాత ఖాతాదారులవే అయితే, చేరకముందు కంటే చేరాక లాభం తగ్గుతుంది. 38 మీద కాక 80 మీద ఎందుకు భాగించామని అడగవచ్చు: 22,800లో అన్ని సీసాల యాప్ కాంట్రిబ్యూషన్ ముందే చేరింది కాబట్టి, ఇక తీసివేయాల్సింది పోయిన పాత కాంట్రిబ్యూషన్ మాత్రమే. వదిన లెక్క తప్పే అయినా ఆమె అనుమానానికి ఆధారం ఉందని రాసినవారికి పూర్తి మార్కులు ఇవ్వాలి.

8. (క) ఒక సీసా, రెండు ప్యాకెట్లు కలిపిన జతకు కాంట్రిబ్యూషన్ 80 + 80 = 160. 1,20,000ను 160తో భాగిస్తే 750 జతలు, అంటే 750 సీసాలు, 1,500 ప్యాకెట్లు. అమ్మకాల విలువ 2,85,000 రూపాయలు. నిష్పత్తి మారితే ఈ జవాబు నిలవదు. (ఖ) ఇక్కడ కొరత గంటలదే. గంటకు ఆరు సీసాలతో 480, పదిహేను ప్యాకెట్లతో 600 రూపాయల కాంట్రిబ్యూషన్ వస్తుంది కనుక పొడికే మొదటి చోటు. 3,000 ప్యాకెట్లకు 200 గంటలు, మిగిలిన 100 గంటల్లో 600 సీసాలు. మొత్తం కాంట్రిబ్యూషన్ 1,20,000 + 48,000 = 1,68,000. సీసాకు 80 పెద్దదనిపించి పచ్చడి వైపు మొగ్గినవారు గడియారాన్ని మరిచిపోయారన్న మాట.

9. మార్జినల్ పద్ధతిలో లాభం 40,000. అబ్సార్ప్షన్ పద్ధతిలో సీసాకు స్థిర వ్యయం 50 చొప్పున, అమ్ముడుపోని 400 సీసాలు 20,000 రూపాయలను తమతో పాటు తరువాతి నెలకు మోసుకుపోతాయి కాబట్టి లాభం 60,000గా కనిపిస్తుంది. ఇద్దరి చేతికీ అదనంగా ఒక్క రూపాయి కూడా రాలేదు, నిల్వ గది మాత్రం నిండింది. ఆర్థిక నివేదికల్లో నిల్వల విలువ కట్టడానికి అకౌంటింగ్ స్టాండర్డ్ 2 సాధారణ సామర్థ్యం ఆధారంగా స్థిర ఉత్పత్తి వ్యయాలను చేర్చమంటుంది కనుక 60,000 లాభం తప్పేమీ కాదు, కానీ వచ్చే నెల ఎన్ని సీసాలు తయారుచేయాలో తేల్చుకోవడానికి వదినా మరదళ్లు చూడాల్సింది 40,000నే.