కింద ముద్ద కడితే పైన చూడు: కుట్టు టీచరుగారి వాయిస్ నోట్, దాని శుభ్రప్రతి

కొత్తగా చేరినవాళ్ళకు పంచే కాగితం కోసం. ముందు పలికింది పలికినట్టు, తర్వాత శుభ్రప్రతి, చివర టీచరుగారు చూడవలసిన సంగతులు.

పలికింది పలికినట్టు

ఆఁ… వినబడుతోందా? సరే. అదేనమ్మా, అడిగావే, కింద దారం ముద్ద కడుతోందని, దాని గురించి. అందరూ ఏం చేస్తారంటే, అంటే ఏం చేస్తారూ, ముద్ద కింద కట్టింది కదా, కాబట్టి తప్పు కిందే ఉందని కింది దారం చుట్టి ఉండే బాబుని తీస్తారు, బాబు కేసు తీస్తారు, దానికి చిన్న స్క్రూ ఉంటుందే, దాన్ని తిప్పేస్తారు. తిప్పేసి… ఇంక అయిపోయింది. అప్పుడు నిజంగానే పాడవుతుంది. నేనేమంటానంటే కింద ముద్ద కడితే పైన చూడు. ఇది రాసుకో. కింద ముద్ద కడితే పైన చూడు. ఎందుకంటే పైదారం, అదీ, టెన్షన్ రేకులు ఉంటాయి కదా రెండు, వాటి మధ్యకి దిగాలి. బట్టని నొక్కి పట్టే పాదం దించి ఉంటే రేకులు మూసుకుని ఉంటాయి, దారం లోపలికి పోదు, పైపైనే ఉండిపోతుంది. తలుపేసిన ఇంట్లోకి చుట్టం ఎలా వస్తాడమ్మా? పట్టు లేదు కదా, లోపలి హుక్కు లాగినంత దారం కిందికి పోతుంది, మళ్ళీ బిగుసుకోదు, అక్కడే ముద్ద… ఎవరో పిలుస్తున్నారు, ఉండు. ఆఁ, ఏం చెప్తున్నా? పాదం. దారం ఎక్కించేటప్పుడు పాదం ఎత్తి ఉండాలి. ఎత్తాలి. తర్వాత దించి లాగి చూడు. ఎత్తితే సులువుగా రావాలి, దించితే సూది వంగేటట్టు రావాలి. మరీ వంచకు మళ్ళీ. అప్పుడూ బిగువు లేకపోతే ఎక్కించింది తప్పు, మళ్ళీ ఎక్కించు. పైకీ కిందికీ ఆడుతుందే, టేకప్ లివర్… అందులో పడిందా చూడు, చాలామంది వదిలేస్తారు, అదీ కారణమే. తర్వాత సూది. మామూలు కాటన్‌కి పన్నెండు, కాదు కాదు, పద్నాలుగు, పద్నాలుగు నంబరు. పల్చటి బట్టకి పదకొండు. జీన్సుకి పదహారు. మనవాళ్ళు విరిగేదాకా అదే సూది వాడతారు. విరగడానికా సూది ఉన్నది! ఎనిమిది గంటలు కుడితే మార్చేయాలి. ఇంకా ఏదో… ఆఁ, మొదలెట్టేటప్పుడు దారం కొసలు రెండూ వెనక్కి పట్టుకోవాలి, మూడు నాలుగు కుట్లు పడేదాకా. పట్టుకోకపోతే అదీ ముద్దే. ఇవన్నీ చేశాక కూడా కడితే అప్పుడు బాబు కేసు. స్క్రూ పావు చుట్టు కంటే… కొద్దిగానే, కొద్దిగానే తిప్పాలి. దారం పట్టుకుని వేలాడదీస్తే కేసు జారకూడదు, చిన్నగా కుదిపితే కాస్త దిగాలి. అదీ లెక్క. మిషన్ని తిట్టకండి, మిషనేం చేస్తుంది పాపం. ఉంటాను.

శుభ్రప్రతి

కింద ముద్ద కడితే పైన చూడు.

బట్ట అడుగున దారం ముద్ద కట్టగానే అందరూ ఏం చేస్తారు? ముద్ద కింద ఉంది కాబట్టి తప్పూ కిందే ఉందనుకుని బాబిన్ తీస్తారు, బాబిన్ కేసు తీస్తారు, దాని చిన్న స్క్రూ తిప్పేస్తారు. ఇంక అయిపోయింది. అప్పుడు నిజంగానే పాడవుతుంది.

అసలు తప్పు ఎక్కువగా పైదారంలో ఉంటుంది. ఆ దారం రెండు టెన్షన్ రేకుల మధ్యకి దిగాలి. పాదం దించి ఉంటే రేకులు మూసుకుని ఉంటాయి, దారం లోపలికి పోదు. తలుపేసిన ఇంట్లోకి చుట్టం ఎలా వస్తాడమ్మా? పట్టు లేని దారాన్ని హుక్కు లాగినంత కిందికి లాగేస్తుంది. అది మళ్ళీ బిగుసుకోదు, అక్కడే ముద్ద కడుతుంది.

అందుకని పాదం ఎత్తి దారం ఎక్కించు. టేకప్ లివర్లో దారం పడిందో లేదో చూడు, చాలామంది అక్కడే వదిలేస్తారు. ఎక్కించాక దారం లాగి చూడు. పాదం ఎత్తి ఉంటే సులువుగా రావాలి, దించితే సూది కాస్త వంగేంత బిగువు తెలియాలి. అలాగని నిజంగా వంచేయకు. బిగువు లేకపోతే ఎక్కించింది తప్పు, మళ్ళీ ఎక్కించు.

కుట్టు మొదలెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ వెనక్కి పట్టుకో, మూడు నాలుగు కుట్లు పడేదాకా. వదిలేస్తే అదీ ముద్దే.

తర్వాత సూది. మామూలు కాటన్‌కి 14వ నంబరు, పల్చటి బట్టకి 11, జీన్సుకి 16. మనవాళ్ళు విరిగేదాకా అదే సూది వాడతారు. విరగడానికా సూది ఉన్నది! మొత్తం మీద ఎనిమిది గంటల కుట్టు అయ్యాక మార్చేయాలి.

ఇవన్నీ చేశాక కూడా ముద్ద కడితే, అప్పుడు ముట్టుకో బాబిన్ కేసు. స్క్రూ కొద్దిగానే తిప్పు. దారం పట్టుకుని కేసుని వేలాడదీస్తే జారకూడదు, చిన్నగా కుదిపితే కాస్త దిగాలి. అదీ లెక్క.

మిషన్ని తిట్టకండి. మిషనేం చేస్తుంది పాపం.

టీచరుగారికి

టైపులో "బాబు" అని పడిన చోటల్లా "బాబిన్" చేశాను. లేకపోతే మీరు బాబుని తీసి స్క్రూ తిప్పమంటున్నారు. "పన్నెండు, కాదు కాదు" జాడ లేకుండా తీసేశాను. కాగితంలో రెండు అంకెలు కనబడితే తొందరలో చదివేవాళ్ళ కన్ను మొదటి దాని మీదే ఆగుతుంది. మధ్యలో ఎవరో పిలిచిన చోటు, "ఆఁ", "అంటే", రెండోసారి పలికిన "ఎత్తాలి" కూడా పోయాయి. కింద ముద్ద, పైన చూడు అన్న వాక్యం మాత్రం ఉంచాను, మీరు రెండుసార్లు చెప్పారు, రాసుకోమన్నారు కాబట్టి. అచ్చులో ఒక్కసారి చాలు, అందుకే విడిగా మొదటి వరుసలో పెట్టాను.

దారం కొసల సంగతి మీకు సూది తర్వాత గుర్తొచ్చింది. చేసే క్రమంలో అది సూది మార్చడం కంటే ముందు కాబట్టి పైకి జరిపాను. టేకప్ లివర్ కూడా అంతే, దారం ఎక్కించే చోటికి చేర్చాను. చుట్టం, సూది విరగడం, చివరి పాపం, ఇవి ముట్టుకోలేదు. "మీరు" చేసి చూస్తే "నిజంగా వంచేయకండి" అని వచ్చింది, మందలింపు పోయి నోటీసు బోర్డు అయింది. అందుకే "నువ్వు" ఉంచాను. ఆఖరి వాక్యం అందరికీ కాబట్టి "తిట్టకండి" అలాగే ఉంది.

మీరు తేల్చాల్సినవి మూడున్నాయి. "పావు చుట్టు కంటే" అని ఆగిపోయారు. పావు చుట్టు దాటకూడదనా, పావు చుట్టు కూడా ఎక్కువనా? తెలియక "కొద్దిగానే" అని వదిలాను. ఊహించి రాస్తే ఎవరి మిషనో పాడవుతుంది. "ఎనిమిది గంటలు" అన్నది రోజుకని చదివేవాళ్ళు ఉంటారు, అందుకే "మొత్తం మీద" నేను చేర్చాను. ఆ ఒక్క మాట మీది కాదు, సరేనా? మూడోది, హుక్కు దగ్గర చేరే నూగు దులపడం మీ మాటల్లో లేదు. అదీ ముద్దకు కారణమేనని తెలిసినా చేర్చలేదు. కావాలంటే ఒక్క వాక్యం పలికి పంపండి, బాబిన్ కేసు పేరాలో మొదట పెడతాను.